బోణీ రేటుకి వచ్చిన నష్టం

నేను చదివింది ఏడో తరగతి. ఖర్చుల లెక్కలు మాత్రం గుంటూరు పాత పుస్తకాల కొట్లలో తూకానికి కొన్న కామర్స్ పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. అందుకే పెద్ద చదువులు చదివినవాళ్ళు లెక్క తప్పితే నాకు కోపం ఎక్కువ. వాళ్ళకు తప్పే హక్కు లేదు, ఫీజు కట్టారు కదా.

నేను పనిచేసిన కారం కంపెనీలో రెండు సెక్షన్లు ఉండేవి. మాది షెడ్డు, నేను దాని లెక్కల గుమాస్తాని. మిర్చి యార్డులో కాయ కొని, ఆరబెట్టి, రంగు పోయిన తాలు కాయ ఏరి, తొడిమలు తీయించడం మా పని. గోడకి అవతల పౌడర్ సెక్షన్. మేము తొడిమ తీసిన కాయని వాళ్ళు మరపట్టి పాకెట్లు చేసి అమ్మేవారు. కాయ గోడ దాటితే ఒక రేటు రాసుకునేవాళ్ళం. డబ్బు చేతులు మారేది కాదు. మా పుస్తకంలో అమ్మకం, వాళ్ళ పుస్తకంలో కొనుగోలు, అంతే.

ఆ రేటు ఎలా కట్టేవాళ్ళమో చెబితే నవ్వుతారు. సీజన్ మొదట్లో యార్డులో కొన్న తొలి లాటు ధరకి ఇరవై రూపాయలు కలిపితే అదే ఏడాదంతా రేటు. దాన్ని బోణీ రేటు అనేవాళ్ళు. యజమాని పెద్దయ్యగారి కాలం నుంచీ ఆచారం. ఆయన రోజుల్లో రెండు సెక్షన్లకీ ఒకటే చిట్టా, ఏ రేటు రాసుకున్నా ఎవరి ఒంటికీ తగిలేది కాదు. ఆయన కొడుకు చిన్నబాబుగారు వచ్చాక సెక్షన్‌కో లాభం, లాభానికో బోనస్ అన్నారు. చిట్టాలు విడిపోయాయి, ఆచారం మిగిలింది. పైగా తొలి లాటు ఎప్పుడూ పచ్చిగా ఉంటుంది. తడి కాయకి ధర తక్కువ, ఆరితే బరువు తగ్గేది మా షెడ్డులో. ఆ తడి ధరనే మాకు ఏడాది పొడుగునా శిక్షగా వేశారు.

ఆ ఏడాది బోణీ కిలో నూట డెబ్భై. కాబట్టి గోడ దాటే రేటు నూట తొంభై. తర్వాత యార్డులో కాయ ధర పెరిగింది. తరుగూ, తొడిమ కూలీ అన్నీ కలిపి తీసిన కాయ కిలో మాకే రెండొందల పది పడింది. అంటే కిలోకి ఇరవై నష్టం. పౌడర్ సెక్షన్ ఆ కాయ మీద ముప్ఫై ఖర్చు పెట్టి, పొడిని రెండొందల అరవైకి అమ్మి, నలభై లాభం రాసుకుంది. వాళ్ళ మేనేజరుకి బోనసూ, శాలువా దక్కాయి. మాకు మీటింగు దక్కింది.

మీటింగులో ఆ పౌడర్ మేనేజరే లాప్‌టాప్ తెరిచాడు. "షెడ్డు నష్టాల్లో ఉందండీ. మూసేసి తీసిన కాయ బయట కొనుక్కుందాం."

షెడ్డు మూస్తే ముప్ఫైరెండుమంది ఆడవాళ్ళు ఇంటికి పోతారు. వాళ్ళలో సగంమంది ఇరవై ఏళ్ళుగా అక్కడే, ఆ ఘాటులోనే దగ్గుతూ తొడిమలు తీస్తున్నారు.

"బాబుగారూ," అన్నాను, "మా నష్టం కిలోకి ఇరవై, వీళ్ళ లాభం నలభై. కలిపితే కంపెనీకి ఇరవై. ఇప్పుడు బయట తీసిన కాయ రెండొందల ఇరవై ఉంది. గోడ రేటు కూడా అదే పెడితే మాకు పది, వీళ్ళకి పది. కంపెనీకి అప్పుడూ ఇరవయ్యే. రేటు మారితే లాభం ఈ జేబులోంచి ఆ జేబులోకి పోద్ది, చొక్కా ఒకటేనండీ."

"మరి అంత మంచి సెక్షన్ లాభం నలభై నుంచి పదికి పడిపోద్దిగా పెద్దాయనా?" అన్నారు చిన్నబాబుగారు, నేనేదో దొంగతనం చేస్తున్నట్టు చూసి.

"పడిపోయేది కాదండీ. అది మొదట్నుంచీ వాళ్ళది కాదు."

మేనేజరు నవ్వాడు. "పెద్దాయనకి సెంటిమెంటండీ. బయట కొంటే క్వాలిటీ కూడా బాగుంటది."

"అయితే వారం రోజులు కొని చూడండి," అన్నాను. "మా కాయ మేమూ బయటే అమ్ముకుంటాం."

మేనేజరు ఒప్పుకున్నాడు. తిరస్కరిస్తే పరువు పోతుందనుకున్నాడేమో.

సోమవారం మా తీసిన కాయని యార్డు వ్యాపారి ఒకాయన రెండొందల ఇరవైకి కొని లారీలో తీసుకుపోయాడు. బుధవారం పౌడర్ సెక్షన్‌కి లారీ వచ్చింది. ధర రెండొందల పాతిక. మేనేజరు ఒక టిక్కీ బస్తా విప్పించి, గుప్పెడు కాయలు పట్టుకొని నా దగ్గరికే వచ్చాడు. "చూశారా, రంగు! మన షెడ్డులో ఏ రోజైనా ఇట్టాంటి కాయ వచ్చిందా?"

అప్పుడే మంచినీళ్ళకి వచ్చిన మా మేస్త్రమ్మ, తొడిమలు తీసేవాళ్ళ మీద పెద్ద, టిక్కీ మూతి చేత్తో తడిమి చూసింది. ఎర్ర పురికొసతో అడ్డకుట్టు. మా షెడ్డు తప్ప ఆ కుట్టు ఇంకెవరూ వేయరు.

"ఏం బాబాయ్, ఇది నేను శనివారం కుట్టిన మూటే! ఊరంతా తిరిగొచ్చి బాగుపడిందా ఏం?"

ఆడవాళ్ళు నవ్వారు. మేనేజరు చేతిలోని కాయలు జేబులో వేసుకున్నాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

వారం చివర లెక్క చిన్నబాబుగారి ముందు పెట్టాను. షెడ్డుకి కిలోకి పది లాభం, పౌడర్‌కి ఐదు. కలిపితే పదిహేను. ఇరవై ఉండాల్సిన చోట ఐదు తగ్గింది. ఆ ఐదు వ్యాపారి జేబులో ఉంది, మన కాయని మనకే అమ్మినందుకు. "షెడ్డు మూస్తే మా పదీ పోయి, కంపెనీకి మిగిలేది పౌడర్ ఐదేనండీ," అన్నాను.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?"

చెప్పిన మీటింగు ఆయన గదిలోనే జరిగింది. అది గుర్తు చేయడం కన్నా నాకు షెడ్డు ముఖ్యం.

షెడ్డు మిగిలింది. బోణీ రేటు పోయి, వారం వారం యార్డు ధర వచ్చింది. షెడ్డు పుస్తకంలో లాభం కనిపించగానే దానికి సమర్థుడైన మేనేజరు కావాలన్నారు. ఆ సమర్థుడు గోడ అవతలి ఆ పౌడర్ మేనేజరే. మొదటి మీటింగులోనే బల్ల గుద్ది మాట్లాడాడు: "మార్కెట్ రేటు కంటే పైసా తక్కువైనా మా షెడ్డు కాయ గోడ దాటదండీ!" నా మాటలనే, నాకంటే బాగా, ఇంగ్లీషులో.

బయటికి వచ్చాక మేస్త్రమ్మ అడిగింది. "నష్టమన్నప్పుడు కూలి పెంచలేమన్నారు. ఇప్పుడు లాభమేగా బాబాయ్, ఇంకేమంటారంట?"

"వెళ్ళి కొత్త మేనేజరునే అడుగు."

"ఏం అడగాలో రాసియ్యి. కాగితం చూస్తేగానీ వినడాయన."

బల్ల మీద కూర్చుని రాశాను. షెడ్డు లాభం కిలోకి పది. అందులోంచి ఒక్క రూపాయి కూలికి కలిపితే లాభం తొమ్మిది. ఆమె చదువుకోలేదు. ఎక్కడ పది ఉందో, ఎక్కడ తొమ్మిది ఉందో వేలుపెట్టి చూపించమని అడిగి, రెండుసార్లు తన వేలితో తడిమి, కాగితం జాకెట్లో దోపుకొని లోపలికి వెళ్ళింది.

అరగంటకి బయటికొచ్చింది. "అర్ధ రూపాయి ఇస్తాడంట," అంది. "మిగతా అర్ధ రూపాయికీ ఇంకో కాగితం రాయి."