కోసి చూసిన సరుకు

వినోదకు కూర్చున్నచోట కునుకు తీసే అలవాటు లేదు. తొమ్మిదేళ్లు హైదరాబాద్ అవతల ఒక పెద్ద బీరు కంపెనీ ల్యాబులో పనిచేసింది. వారానికోసారి కాజీపేటకు, ఇంటికి వచ్చేది. రైల్లో కళ్లు మూతపడితే కాజీపేట దాటిపోతుందన్న భయంతో దానికి ముందొచ్చే జనగామ రాగానే లేచి తలుపు దగ్గర నిలబడేదట. మొగుడు మధు రైల్వేలో డ్రైవరు. ఆమె ఇంటికొచ్చిన రోజున ఆయనకు డ్యూటీ పడేది, ఆయనకు సెలవు దొరికిన రోజున ఆమె కంపెనీలో ఉండేది. అదేం కాపురమో ఆ దేవుడికే తెలియాలి.

అందుకే కాజీపేట పక్కనే ఉన్న మన హనుమకొండలో బీరు అక్కడే కాచి అక్కడే పోసే హోటలు పెడుతున్నారనగానే ఉన్న ఉద్యోగం వదిలి వచ్చేసింది. జీతం తక్కువే. అయినా పొద్దున స్కూటీ మీద వచ్చి సాయంత్రం ఇంటికి పోవచ్చు. నేను పద్మలతను, ఆ హోటల్లో వంటింటి పెద్దను. నా పొయ్యిలకూ ఆమె స్టీలు గంగాళాలకూ మధ్య ఒక గాజు తలుపు. ఇద్దరం పొద్దంతా నిలబడే బతుకులే కాబట్టి మోకాళ్ల నొప్పుల దగ్గర స్నేహం కుదిరింది.

ఓనరు వెంకటేశ్వర్లు సేటు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారం, సొంతంగా కోల్డ్ స్టోరేజీ. మంచివాడే, కానీ చెవి కంటే నోరు పెద్దది. మొదట్లోనే చెప్పేశాడు. "చూడమ్మా వినోదా, గోధుమ బీరు ఎట్లయినా అమ్ముడుపోతది. దాన్ని కాయనీకి నెలకు రెండుసార్లు హైదరాబాద్ నుంచి ఎవర్నన్న పిలిపిచ్చుకుంట. నువ్వు చెప్పే ఆ పేల్ ఏల్ నడిస్తేనే నీకు ఇక్కడ పని. మొదటి గంగాళం నడవలేదనుకో, నేనేం జేయలేను."

పేల్ ఏల్ అంటే లేత రంగు బీరు. దాని గొప్పంతా హాప్స్‌లో ఉంది. హాప్స్ ఒక తీగకు కాసే పచ్చటి పువ్వులు. వాటిని ఎండబెట్టి, పొడిచేసి, గుళికలుగా ఒత్తి, గాలి తీసిన వెండి రంగు ప్యాకెట్లలో పంపిస్తారు. నాకర్థం కావాలని వినోద వంటింటి భాషలోనే చెప్పింది. "చింతపండు ముందు వేసి మరగబెడతవు, కొత్తిమీర దించినంక చల్లుతవు గదా అక్కా. ఇక్కడ చింతపండూ కొత్తిమీరా ఒకటే పువ్వు. మొదట్లో వేసి గంటసేపు మరిగిస్తే చేదు దిగుతది, వాసన ఆవిరిల పోతది. దించినంక వేస్తే చేదు తక్కువ, వాసన నిలుస్తది." వాసన కూడా అన్నిట్లో ఒకటి కాదట. పువ్వు లోపల పసుపుపచ్చటి పొడిలో నూనెలుంటాయి. సిట్రా అనే రకంలో బత్తాయి, నిమ్మ వాసనలెక్కువ. చినూక్ అనే రకంలో చలికొండల్లో పెరిగే దేవదారు చెట్ల బంక వాసన, దాని అడుగున కొంచెం పుల్లటి పండు వాసన. సిట్రా వాసనకు, చినూక్ చేదుకు అని వినోద లెక్క వేసుకుంది.

సిట్రా ప్యాకెట్లు పెట్టె నిండా వచ్చేసరికి లైసెన్సు రాలేదు, పెద్ద ఫ్రీజరు రాలేదు. "ఫికర్ చెయ్యకు, నా కోల్డ్ స్టోరేజీల పెడ్త, మిర్చి రెండేండ్లు నిల్వ ఉంటది" అన్నాడు సేటు. మూసిన ప్యాకెట్టు చల్లగా ఉంటే ఫర్వాలేదని వినోద ఒప్పుకుంది. చినూక్‌ది ఒక్కటే ప్యాకెట్టు, ఆమె తనే బ్యాగులో తెచ్చుకుంది. దాన్ని నా ఫ్రీజర్లో బఠాణీల కింద దాచాను. ఆ తర్వాత ఎండాకాలమంతా లైసెన్సు కోసం ఎదురుచూపులే.

చివరికి బీరు కాచే రోజు వచ్చింది. పొద్దున్నే మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానిన నీళ్లు మరగడం మొదలైంది. వినోద గుప్పెడు చినూక్ చేదు కోసం ముందే వేసింది. వంటిల్లంతా తియ్యటి గంజి వాసన. అప్పుడు సేటు కారు దిగి పెట్టె స్వయంగా మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. వినోద మూత తీసి అట్లాగే నిలబడిపోయింది. ప్రతి ప్యాకెట్టూ ఒక మూల కోసి ఉంది. కోసిన మూల మడిచి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇవి ఎవలు కోసిండ్రు సార్?" అని మెల్లగా అడిగింది.

"నేనే కోసిన" అన్నాడు సేటు. ఆ గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు. "చెయ్యి పెట్టి చూడకుండ సరుకు దించుకునుడు మా ఇంట లేదమ్మా. మా నాయిన నేర్పిండు. ప్రతి బస్తా కొయ్యాలె, గుప్పెడు తియ్యాలె, వాసన చూడాలె. దుకాణంల నలుగురికి చూపెట్టిన, అందరు మెచ్చుకున్నరు. అటెన్క స్టోరేజీల పెట్టిన."

జేబులోంచి చిన్న కత్తి తీసి చూపించాడు కూడా. మిర్చి బస్తాలు కోసే కత్తి అది, ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. ఏం మనిషిరా నాయనా అనుకున్నాను. ఇల్లు తగలబెట్టినవాడు అగ్గిపెట్టె చూపించి మురిసినట్టుంది.

వినోద ఒక ప్యాకెట్టు విప్పి నా ముక్కు దగ్గర పెట్టింది. బత్తాయీ లేదు, నిమ్మా లేదు. ముక్కిపోయిన చీజు వాసన, ఉతకని సాక్సుల వాసన, దాని మీద మిర్చి ఘాటు. ఆకుపచ్చగా ఉండాల్సిన గుళికలు గోధుమరంగుకు తిరిగాయి. గాలి తగిలితే హాప్స్ ఇట్లాగే చస్తాయట, చలి ఒక్కటే కాపాడలేదట. పక్కన ఎండుమిర్చి ఉంటే చెప్పేదేముంది.

"ఏమైతది, రెండింతలు వెయ్యి" అన్నాడు సేటు.

"రెండింతలు వేస్తే రెండింతల కంపు వస్తది సార్."

"మరి ఇప్పుడెట్ల? నా దోస్తులందరికి చెప్పి పెట్టిన. మొండయ్య గూడ వస్తాండు."

మొండయ్య అంటే మిర్చి కొనే పెద్ద వ్యాపారి. వాసన చూసి మిర్చి ఏ ఊరిదో చెప్పేస్తాడని పేరు. వినోద స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. ఆ వారమే పాత మేనేజరు ఫోన్ చేసి, ల్యాబులో ఆమె కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని, నెలాఖరులోగా చెప్పమని అన్నాడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

"అక్కా, ఆ చినూక్ మిగిలింది తియ్యి" అంది చివరికి.

తీసిచ్చాను. నాలుగు గుళికలు అరచేతిలో నలిపి చూపించింది. ఘుమ్మని కొట్టింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆసుపత్రి నేల తుడిచిన వాసన. "వినోదా, ఇది ఫినాయిల్ తీరు కొడ్తాంది" అన్నాను.

"నా భయం గదే అక్కా. దేవదారు చెట్టు మనోళ్లు ఎక్కడ జూసిండ్రు? వాళ్లకు గీ వాసన ఫినాయిల్ సీసాల్నే తెలుసు."

సేటుకు మాత్రం అంతలోనే హుషారొచ్చింది. "నువ్వే చెప్పినవు గదా, ఆఖరుకు వేస్తే వాసన నిలుస్తదని. పులిసినంక మొత్తం ఒకటేసారి గుమ్మరియ్యి."

"అట్ల వేస్తేనే ఫినాయిల్ అయితది సార్" అంది వినోద. గొంతు పెంచలేదు, పెంచే ఓపిక కూడా లేదు. "పులిసినంక చల్లటి బీరుల వేస్తే బంక వాసన ఎక్కడికీ పోదు, మొత్తం అండ్లనే ఉంటది. ఆ నూనె తొందరగ ఎగిరిపోయే రకం. వేడిల కొంత పోతది, పులిసేటప్పుడు లేచే గ్యాసు ఇంకొంత తీస్కపోతది. పండు వాసన ఇచ్చే నూనెలు జర గట్టివి, నిలబడతయి. పులియబెట్టే ఈస్ట్ పనిల ఉన్నప్పుడు వేస్తే అండ్ల ఒకదాన్ని నిమ్మ దిక్కు మారుస్తది గూడ. అందుకే నేను ఆఖరుకు వెయ్య. మధ్యల వేస్త."

"ఖరాబైతే?"

"అయితే పోత సార్. నాకు రైలెక్కి పోవుడు కొత్త గాదు."

సేటు తను తెచ్చిన పెట్టె తనే ఎత్తుకుని కారు దగ్గరికి నడిచాడు.

మంట ఆపింది. గంగాళం వెంటనే చల్లబరచలేదు, వెంటనే హాప్స్ కూడా వేయలేదు. థర్మామీటరు పట్టుకుని ఆ మరుగు దిగేదాకా నిలబడింది. ఎనభై డిగ్రీలకు దిగాక ఒక వాటా చినూక్ వేసి, గుండ్రంగా తిప్పి, కాసేపు ఊరనిచ్చి అప్పుడు చల్లార్చింది. ఈస్ట్ కలిపిన మర్నాడు టోపీ కట్టిన నురుగు చూసి మిగిలిన వాటా అందులో వేసింది. అక్కడితో ఆపేసింది. చివర్లో చిటికెడు కూడా వేయలేదు. మధ్యలో సేటు రోజూ వచ్చి గాజు తలుపులోంచి చూసేవాడు, లోపలికి మాత్రం రాలేదు. వినోద ముఖం పీక్కుపోయింది. నేను పెట్టిన అన్నం సగం వదిలేసేది. తిట్టాను కూడా.

బీరు తేటపడి చల్లబడ్డాక సేటు దోస్తులు వచ్చారు. బయట ఎండ ఇంకా తగ్గలేదు. మొండయ్య గ్లాసు అందుకుని తాగలేదు, ముందు మిర్చి చూసినట్టు వాసన చూశాడు. గ్లాసు తిప్పి మళ్లీ చూశాడు. వినోద నా చెయ్యి పట్టుకుంది.

"పంపరపనస" అన్నాడు మొండయ్య. "తొక్క ఒలిచినప్పుడు చేతులకు అంటే వాసన." ఒక గుక్క తాగి నాలుక చప్పరించాడు. "ఆఖరుకు గుగ్గిలం లెక్క చిన్న పొగరు తగుల్తాంది. బాగుంది. ఇంకోటి పొయ్యమను."

ఫినాయిల్ మాట ఎవరి నోటా రాలేదు. వారం తిరక్కుండా గంగాళం ఖాళీ అయింది. పేల్ ఏల్ ఎప్పుడు మళ్లీ వస్తుందని జనం నన్ను కూడా అడగడం మొదలుపెట్టారు. అడగాల్సింది నన్ను కాదు, నేను పకోడీలు వేసేదాన్ని.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కొత్త హాప్స్ పెట్టె వచ్చింది. సేటు దాన్ని మార్కెట్టుకు తీసుకుపోలేదు, తిన్నగా మా దగ్గరికే తెచ్చాడు. వినోద గబగబా మూత ఎత్తి ఒక్కో ప్యాకెట్టూ తిప్పి చూసింది. అన్నీ గట్టిగా, ఇటుకల్లా, మూలలు మూలలుగానే ఉన్నాయి.

"ఒక్కటి గూడ కొయ్యలే" అన్నాడు సేటు, సిగ్గుపడుతూ. "చెయ్యి గుంజింది, నిజం చెప్తాన. కారు పక్కకు ఆపి రెండుసార్లు పెట్టె తీసి చూసిన. మళ్ల మూసేసిన." జేబులోంచి ఆ చిన్న కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మా నాయినది. నీ దగ్గర ఉండనీ. ఎప్పుడు కొయ్యాల్నో నీకు తెలుసు, నాకు తెల్వది."

వినోద కత్తి తీసుకుంది. ప్యాకెట్లన్నీ ఫ్రీజర్లో పేర్చింది. తర్వాత నా వంటింటి వెనక్కి వచ్చి పాత మేనేజరుకు ఫోన్ చేసి, రానని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. సంతోషంగా ఏమైనా అంటుందేమో అని చూశాను. బియ్యం బస్తాల మీద కూర్చుంది, వెనక్కి వాలింది, నేను పప్పుకు పోపు పెట్టి తిరిగి చూసేసరికి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కత్తి ఇంకా గుప్పిట్లోనే ఉంది.

సాయంత్రం మధు డ్యూటీ దిగి ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. లేపుదామని నేను భుజం మీద చెయ్యి వేయబోయాను. ఆయన నా చెయ్యి ఆపాడు.

"పడుకోనీ అక్కా" అన్నాడు. "ఇప్పుడు కాజీపేట ఎక్కడికీ దాటిపోదు గదా."