సంచుల ఒప్పందంలో నోటీసు షరతు

మిర్యాలగూడలోని మా రైస్ మిల్లుకు సంచులు పంపే కంపెనీతో గీచి గీచి బేరమాడి, ఆలస్యానికి జరిమానా పెంచించింది నేనే. దుకాణదారుల ఇంట్లో పుట్టినందుకు ఆ మాత్రం గర్వం ఉండేది. ఆ ఒప్పందంలోని ముఖ్యమైన షరతులను మిల్లు సూపర్‌వైజర్ కోసం విడిగా రాస్తుంటే, అలసిన కళ్లకు ఒక వాక్యం తగిలింది: గడువు దాటిన రెండు రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇస్తేనే జరిమానా.

గడువుకు రావాల్సిన సంచుల లోడు రాక అప్పటికి రెండో రోజు.

"నోటీసు ఇచ్చినవా అన్నా?" అని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"ఫోన్‌ల మస్తు తిట్టిన సేటూ. ఇగ నోటీసెందుకు?"

"తిడితే జరిమానా రాదు కదా. ఇప్పుడే మెయిల్ పెట్టు."

"తిట్లు గూడ రాయాల్నా?"

మెయిల్ వెళ్లింది. సూపర్‌వైజర్ కోసం రాస్తున్న కాగితంలో నేను ముచ్చటపడి పైన రాసుకున్న జరిమానా శాతాన్ని కిందికి దించి, నోటీసు షరతును మొదటి వరుసలో పెట్టాను.