తెలుగులో లేని ఎనిమిదో అంశం

రాజమండ్రిలోని ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే సూర్యకళకు ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం బాగా వచ్చు. గదుల్లో మినీబార్లు, అంటే అతిథులు వాడుకుంటే బిల్లులో పడే తినుబండారాల చిన్న ఫ్రిజ్‌లు, పెట్టిన ఏడాది మేనేజరు నరసింహవర్మగారు వాటి తనిఖీ పద్ధతిని రెండు భాషల్లో గోడకు అంటించారు. అతిథి ఖాళీ చేస్తున్నట్టు ఫోన్ రాగానే గదికి వెళ్లాలి. సరుకులు జాబితాతో సరిచూడాలి, సీసాల సీళ్లు చూడాలి. తగ్గినవి చీటీలో రాసి, బిల్లు వేసేలోపు రిసెప్షన్‌కు చెప్పాలి.

ఒకరోజు 204 నంబరు గదిలోని పెళ్లివారు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. ఆలస్యంగా ఫోన్ వచ్చాక ఆమె వెళ్లి చూస్తే రెండు కూల్‌డ్రింకులు, జీడిపప్పు పొట్లం లేవు.

"నీ జీతంలో కోస్తాను" అన్నారు వర్మగారు.

"అలాగేనండి. కానీ గోడమీది పద్ధతిలో ఇంగ్లీషులో ఎనిమిది అంకెలున్నాయి, తెలుగులో ఏడే ఉన్నాయి. ఆ ఎనిమిదోది ఏంటండీ?"

"అది మీకు అక్కర్లేదు."

రిసెప్షన్‌లో పనిచేసే పావని దాన్ని తెలుగులో చదివేసింది: "అతిథి వెళ్లాక తేలినవి హోటల్ ఖాతాలో రాయాలి. సిబ్బంది దగ్గర వసూలు చేయకూడదు."

"తెలుగు కాగితంలో చోటు చాల్లేదమ్మా" అన్నారు వర్మగారు. దాని కింద జానెడు ఖాళీలో ఆయన సంతకం హాయిగా పడుకుని ఉంది.

పావని అప్పటికప్పుడే హోటల్ ఖాతాలో రాసేసింది కాబట్టి సూర్యకళ జీతం దక్కింది. మర్నాడు గోడమీద కొత్త కాగితం వెలిసింది. రెండు భాషలకూ సమన్యాయం జరిగింది: ఇంగ్లీషులోనూ ఏడే.