కూర్మమ్మ మాత్రలు

భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె నుంచి భారతి రోజూ బస్సెక్కి విజయనగరంలో మందుల షాపుకి పనికి వెళ్తుంది. డీఫార్మసీ చదివినా, ఎగ్జిట్ పరీక్ష గట్టెక్కితేగాని ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ రాదు. ఒకసారి తప్పింది. ఇంటికొచ్చేసరికి ఏ మాత్రను నమలకూడదో, ఏ మందుతో ఏది పడదో అంతా కలగాపులగమయ్యేది.

ఆ సాయంత్రం రోగికి మందుల వాడకం చెప్పే పాఠం తీసింది. చేపలు అమ్మి వచ్చి గోడకి జారగిలబడ్డ తల్లి కూర్మమ్మతో, "నువ్వు పేషెంటువనుకోమ్మా" అంది. మాత్రలు వేసుకుంటున్నావా అని కాదు, ఎలా వేసుకుంటున్నావని అడగాలని పుస్తకంలో ఉంది. అలాగే అడిగింది.

"ఏటుంది, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, కాల్షియం బిళ్ల రెండూ ఒక్కపాలే టీతో మింగేసి బుట్టెత్తుకుంటాను."

భారతి పుస్తకం మూసేసింది. కాల్షియం థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వదని ఎన్నిసార్లో బట్టీపట్టింది. అమ్మ నీరసం తగ్గక డాక్టరు మోతాదు పెంచుతూనే ఉన్నాడు.

"థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో ఏసుకో. అరగంట పైనే ఆగి టీ తాగు. కాల్షియం మధ్యాన్నం తిన్నాక. డాక్టరుకీ సెప్పాలి, డోసు మళ్లీ సూస్తారు."

"ఎలాగేసుకుంటన్నావని ఎవులూ అడగలేదే. నువ్వూ అడగలేదు" అంది కూర్మమ్మ, కోపం లేకుండానే.

కొన్నాళ్లకు రక్తపరీక్ష చూసి డాక్టరు మోతాదు తగ్గించాడు. భారతి పరీక్ష మాత్రం ఇంకా మిగిలే ఉంది. బస్సులో నిలబడి చదువుతూ, కునుకుతూ, మళ్లీ మొదటి వాక్యం నుంచి చదువుతోంది.