సన్నాయి కూర్మనాథం చెప్పని జబ్బు

విస్తరి ముందు కూర్చోగానే కూర్మనాథం ఎడమ చేతి వెనుకవైపుతో ఉప్పు గిన్నెను పక్కకు తోసేవాడు. గిన్నె ఆయనకు అందనంత దూరం పోయాకే మొదటి ముద్ద కలిపేవాడు.

అరసవల్లిలో ఆదివారం ఉప్పు మానేవాళ్లు చాలామంది. అది సూర్యుడి వారం. కూర్మనాథం గుడిలో సన్నాయి వాయించేవాడు, తండ్రి నుంచి వచ్చిన సేవ. ఆదివారపు చప్పిడి తిండి ఆయనకు చిన్ననాటి నుంచీ ఉన్నదే. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఆ చప్పిడి సోమవారానికి పాకింది, తర్వాత మంగళవారానికి. వినాయక చవితి వెళ్లేసరికి వారమంతా ఉప్పు లేదు.

ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. మొక్కు అనుకున్నారు. మొక్కు దేనికో బయటికి చెబితే ఫలం పోతుందని అక్కడి నమ్మకం. భార్య దాలమ్మ ఆయన కూర విడిగా దించేది. పక్కింటివాళ్లకు కొంచెం గర్వంగానే చెప్పేది.

అది మొక్కు కాదు.

శ్రావణంలో ఒక పెళ్లి ఊరేగింపులో వాయిస్తూ ఉండగా ఆయనకు వీధి ఒక పక్కకు ఒరిగినట్టయింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. డోలు వాయించే అసిరయ్య, దాలమ్మకు తమ్ముడు, దరువు పెంచి ఆ ఖాళీని కప్పేశాడు. మర్నాడు కూర్మనాథం ఒక్కడే శ్రీకాకుళం వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం వైపు చూశాడు. మళ్లీ కొట్టి మళ్లీ చూశాడు. రక్తపోటు బాగా ఎక్కువగా ఉందన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు, మాత్రలు రాశాడు, నెలనెలా రమ్మన్నాడు.

"ఏం పని చేస్తారు?"

"సన్నాయండి."

డాక్టరు కలం ఆపి, "పెద్ద వాయింపులు తగ్గించండి" అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పలేదు. దాలమ్మ తండ్రి కూడా సన్నాయి వాయించినవాడే. ఉత్సవంలో వాయిస్తూ పడిపోయి, నోరు వంకర తిరిగి, మూడో రోజు పోయాడు. తర్వాత ఆమె తల్లి ఇతరుల ఇళ్లలో వడ్లు దంచి పిల్లల్ని పెంచింది. రక్తపోటు అన్న మాట దాలమ్మ చెవిన పడితే సన్నాయి మూలన పడుతుందని కూర్మనాథానికి తెలుసు. మాత్రలు సన్నాయి సంచిలో, గుడ్డ కింద ఉంచాడు.

దాచాడు కాని, భయం పోలేదు. ఆ భయంతోనే బీమా మాట ఎత్తాడు.

బీమా ఏజెంటు వేంకటాచలం బడిపంతులుగా చేసి మానినవాడు. అందరూ ఇప్పటికీ మేష్టారనే పిలుస్తారు. ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలను ఒక్కొక్కటే తెలుగులో చదివాడు. తల్లిదండ్రులు ఎలా పోయారు, అన్నదమ్ములు ఎలా ఉన్నారు, వయసుకు ఆధారం ఏమిటి. తర్వాత, "గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం వంటివి ఎప్పుడైనా వచ్చాయా? ఏ డాక్టరు దగ్గరైనా వైద్యం చేయించుకున్నారా?"

కూర్మనాథం నోరు తెరిచే లోపల గడప అవతలి నుంచి దాలమ్మ అంది. "ఆసుపత్రి గుమ్మం ఎటేపుంటాదో ఆయనికి తెల్దు మేష్టారూ. రాసుకోండి."

"ఆయన చెప్పాలమ్మా" అన్నాడు వేంకటాచలం.

"లేదండి" అన్నాడు కూర్మనాథం.

కలం కదిలింది. కూర్మనాథం దాని వైపు చూస్తూ, దాలమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లాక, గొంతు తగ్గించి అడిగాడు. "ఉన్నదాన్ని లేదన్నారనుకోండి ఎవరైనా. ఏటవుతాది?"

వేంకటాచలం కళ్లజోడు తీశాడు.

"నెల్లిమర్లలో మిల్లు నేతగాడు ఒకడు లేదు అన్నాడు. ఏడాది తిరక్కుండా పోయాడు. అంత తొందరగా పోతే ఆఫీసు విచారిస్తుంది. చూసిన డాక్టరు కాగితం అడుగుతుంది. అతను రెండేళ్లుగా రక్తపోటుకు మందు తింటున్నాడని తేలింది. క్లెయిము ఇవ్వలేదు. కట్టిన ప్రీమియమూ వెనక్కి రాలేదు. ఆ ఉత్తరం ఆ ఇంటికి తీసుకువెళ్లి చదివి చెప్పినవాణ్ణి నేను."

"ఏడాది దాటిపోతే?"

"రెండేళ్లు దాటాక ఊరికే తిరగదోడలేరు. కాని ముఖ్యమైన సంగతి తెలిసీ మోసంగా దాచాడని రుజువు చూపితే అప్పుడూ కాదనగలరు."

"ఉన్నాదని సెప్తే పాలసీ ఇవ్వరు కదండీ."

"అలాగని లేదు. మళ్లీ పరీక్షలు చేయిస్తారు. అదుపులో ఉందనుకుంటే పాలసీలో వెయ్యి రూపాయలకు ఇంతని అదనంగా ప్రీమియం వేస్తారు. ఎక్కువగా ఉంటే కొన్నాళ్లు ఆగి రమ్మంటారు. మరీ ఎక్కువైతే వద్దంటారు. ఏదైనా మొహం మీద చెబుతారు. మనం పోయాక పెళ్లానికి చెప్పరు." మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఎందుకడిగారు?"

"ఊరికేనండి" అని కూర్మనాథం సంతకం పెట్టాడు.

పడిపోబోయిన రోజు చూసి, తర్వాత గుచ్చి అడిగాడు కాబట్టి అసిరయ్యకు మాత్రం సంగతి తెలుసు. బీమా డాక్టరు పరీక్ష ఉందని విని నవ్వాడు.

"దానికింత దిగులేటి బావా? ఈ వారం గంజి తాగి తొంగో. మాత్తర తప్పకుండా మింగు. పెజరు దిగిపోతాది. పాదరసమే బాగున్నాదని సెప్తే మనం అబద్దం ఆడినట్టేటి?"

ఈ మాట కూర్మనాథానికి నచ్చింది. ఆ ఇంట్లో మనుషులు చెప్పే సాక్ష్యం కంటే అగ్నో, నీళ్లో, ఉదయించే సూర్యుడో చెప్పే సాక్ష్యానికి విలువ ఎక్కువ. పాదరసాన్నీ ఆయన ఆ వరసలోనే చేర్చుకున్నాడు. గాజు గొట్టంలో ఎక్కి దిగే ఆ తెల్లటి బొట్టుకు ఎవరి మీదా పక్షపాతం ఉండదు. అది బాగుందంటే బాగున్నట్టే.

వారం పాటు గుడి సేవ తప్ప బయటి వాయింపులకు పోలేదు. పరీక్ష రోజున బీమా డాక్టరు బరువు తూచాడు, ఛాతీ కొలిచాడు, పట్టీ చుట్టాడు. పాదరసం మర్యాదగా దిగింది.

"బాగానే ఉంది" అన్నాడు డాక్టరు. "ముక్కు దిబ్బడేసినట్టుంది. ఏమైనా మందులు వాడుతున్నారా?"

మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచే ముక్కు అలా బిగుసుకుపోయింది.

"జలుబండి. మందులేవీ లేవు."

పాదరసం చెప్పింది నిజమే. దాన్ని కిందికి దించిన మాత్రల గురించి మాత్రం పాదరసాన్ని ఎవరూ అడగలేదు, ఆయన్నే అడిగారు. డాక్టరు ఆ జవాబు రాసి, దాని కింద కూడా సంతకం పెట్టించుకున్నాడు.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి దాలమ్మ వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. అసిరయ్య గోడకు చేరబడి డోలు తాళ్లు బిగిస్తున్నాడు. డాక్టరు బాగుందన్నాడని విని ఆమె చేట కింద పెట్టింది.

"ఇంక నాకు బయం లేదు" అంది. "ఇన్నాళ్లూ నీకు సెప్పలేదు. నువ్వు సన్నాయెత్తి బుగ్గలు పూరించినప్పుడల్లా నాకు మా అయ్యే కనబడేవాడు. వీధిలోకొచ్చి వినేదాన్ని కాదు, తలుపేసుకునేదాన్ని. ఇప్పుడు దాక్టరే సెప్పేడు కదా. రేపటి మేలుకొలుపుకి నేనూ గుడికొస్తాను."

కూర్మనాథం నిలబడే ఉన్నాడు. తను పోతే ఆమెకు ఏదో మిగలాలని ఆ కాగితం రాశాడు. అబద్ధం బయటపడితే అది అప్పుడు అక్కరకు రాదు. సరికదా, ఇప్పుడే ఆమె భయాన్ని తీసి పక్కన పెట్టేస్తోంది. ఆమె తలుపు తీసుకుని బయటికి వస్తానంటోంది.

"దాలమ్మా, ఆ మాట నమ్మకు" అన్నాడు.

"ఏటి?"

"నాకు పెజరున్నాది. శ్రావణం నుంచి మాత్రలు మింగుతన్నాను. ఉప్పు మానింది మొక్కుకి కాదు."

డోలు తాళ్ల చప్పుడు ఆగింది. దాలమ్మ గొంతు పెంచకుండానే అంది. "మొక్కనుకున్నాను. నీ కూరలో పొరపాటున ఉప్పు పడితే పాపం తగుల్తాదని, దించినప్పుడల్లా దండం ఎట్టుకున్నాను. దేవుడి పేరెట్టి నాకే బొంకేవా?"

"పేరు నేనెట్టలేదు. మీరే అనుకున్నారు."

"అనుకోనిచ్చేవు."

అసిరయ్య కల్పించుకున్నాడు. "అక్కా, గొడవెట్టకు. కాగితం ఎల్పోయింది. రెండేళ్లు బావ జాగర్తగా ఉంటే సాలు."

"రెండేళ్లా? పూచీ నువ్వుంటావేట్రా?"

"నేనేటి పూచీ? నేను డోలోణ్ణి."

"అయితే డోలు కొట్టుకో. మా అమ్మ దంచిన వడ్లు నువ్వూ తిన్నావు. మర్చిపోనావా?"

అసిరయ్య డోలు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. దాలమ్మ చేట అందుకుంది, కాని చెరగలేదు.

"నిజం సెప్తే ఎక్కువ కట్టమంటారు" అన్నాడు కూర్మనాథం. "ఇవ్వమని కూడా అనొచ్చు."

"అననీ. లేదంటే లేదని నాకు తెలుస్తాది. ఉన్నాదనుకుని కూకోబెట్టకు నన్ను."

ఆ రాత్రి కూర్మనాథం సన్నాయి సంచిలోంచి మాత్రల సీసా బయటికి తీశాడు.

తర్వాత ఆ బీమా సంగతి ఇలా తేలింది. నిజం తెలిశాక ఆఫీసు మళ్లీ పరీక్షలు చేయించింది. గుండె పటం, అంటే ఇ.సి.జి., తీయించమంది, వైద్యం చేస్తున్న డాక్టరును అడిగింది. చలికాలం చివర, అదనపు ప్రీమియానికి ఒప్పుకుంటే ఇస్తామని రాసింది. అంత కట్టలేక ఆయన పాలసీ మొత్తాన్ని తగ్గించుకున్నాడు. మిగిలినదానికి ఒప్పుకుని సంతకం చేశాడు. కాని ఆ మర్నాటి పొద్దున ఇవేవీ ఆయనకు తెలియవు. తెలిసిందల్లా పాలసీ రాకపోవచ్చునని.

మర్నాడు మేలుకొలుపుకు ఆయన వెళ్లలేదు. తన బదులు వాయించమని తమ్ముడి వరస అయిన దాలయ్యకు కబురు పెట్టి, డాక్టరు చీటీ, మాత్రల సీసా జేబులో వేసుకుని శ్రీకాకుళంలో వేంకటాచలం ఇంటికి నడిచాడు. వేంకటాచలం అప్పుడే పళ్లు తోముకుని అరుగు మీదికి వచ్చాడు.

"మేష్టారూ, ఆ లేదన్నది కొట్టెయ్యాలండి."

వేంకటాచలం చీటీ చదివాడు. సీసా వెలుగుకు ఎత్తి చూశాడు. ఆయన మొహంలో కోపం కంటే అలసట ఎక్కువ కనిపించింది.

"కొట్టెయ్యడానికి కాగితం నా దగ్గర లేదు. నిన్ననే పంపేశాను. కాని వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకునే లోపల రాస్తే అది మీరు చెప్పినట్టే లెక్క." కూర్చుని ఉత్తరం మొదలుపెట్టాడు. "దాలమ్మకు తెలుసా?"

"తెల్సండి."

ఉత్తరం చిన్నదే. ఎప్పటి నుంచి జబ్బు, ఏ డాక్టరు, ఏ మాత్ర, పరీక్ష నాడు కూడా ఆ మాత్ర మింగి వెళ్లిన సంగతి. వేంకటాచలం తెలుగులో చదివి వినిపించాడు. కూర్మనాథం ఇంకోసారి చదవమన్నాడు. విని, సంతకం పెట్టాడు.

అక్కడి నుంచి తన డాక్టరు ఉండే వీధికి నడిచాడు. ఇకమీదట ఎంతసేపు వాయించవచ్చునో ఆయన్ని అడగాలి. తలుపులు ఇంకా తీయలేదు. కూర్మనాథం మెట్టు మీద కూర్చున్నాడు.