తడి పుల్ల

మా ఓవెన్ వంటగదిలో కిటికీ పక్కన, బియ్యం డబ్బా మీద వేసిన చెక్కపలక పైన ఉంటుంది. చిన్నదే. లోపల పైనా కిందా రెండేసి రాడ్లు, పళ్ళెం తోసేందుకు మూడు గాళ్ళు, ముందు గాజు తలుపు. పక్కన వేడికొకటి, సమయానికొకటి చేత్తో తిప్పే మర. సమయం మర సున్నాకు తిరగ్గానే "టింగ్" మంటుంది. ఆ టింగ్‌ను నేను ఎంత నమ్మానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కిరండూల్ బజారులో బస్‌స్టాండుకు దగ్గరగా ఒక బేకరీ ఉంది. అక్కడ కేకులు కాల్చరు. జగదల్‌పూర్ నుంచి బస్సులో వస్తాయి, ఘాట్ రోడ్డు మలుపులకు అట్టపెట్టెల్లో ఒకదాని మీద ఒకటి ఒరిగి, క్రీమంతా ఒక పక్కకు జారి. ఒకరోజు బ్రెడ్డు కొంటూ, వెనకాల ఇద్దరు నిలబడి ఉండగా, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, నేను ఇంట్లో స్పాంజి చేస్తాను, మీకు ఇవ్వనా అని హిందీలో అడిగేశాను. ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆ వాక్యాన్ని ఇంటి నుంచి దారంతా లోపల వల్లె వేసుకుంటూ వెళ్ళాను. దుకాణం పెద్దాయన కళ్ళద్దాల పైనుంచి చూసి, సాదా స్పాంజి ఒకటి తెచ్చి చూపించమన్నాడు. పైన క్రీము తానే వేసుకుంటాడట. మట్టంగా ఉండాలి, మధ్యలో కుంగకూడదు, కోస్తే పొడి రాలకూడదు. నచ్చితే రోజూ ఒకటి తీసుకుంటాడు.

చదువైపోయి ఇంట్లో ఉన్న నాకు రోజూ ఒకటి అంటే రోజూ ఒక పని. పొద్దున లేవడానికి ఒక కారణం. అంతకంటే పెద్ద మాట నాకప్పుడు దొరకలేదు, ఇప్పుడూ లేదు.

మొదటిది ఇంటి కోసమే చేశాను. అమ్మ దగ్గరే ఉంది. గుడ్లూ చక్కెరా గిలక్కొట్టి, నురుగు తెల్లగా చిక్కబడి, గరిటె ఎత్తితే జారిన ధార పైన కాసేపు గీతలా నిలిచే దాకా ఆగి, మైదా జల్లెడ పట్టి మెల్లగా కలిపాను. ఈలోపు అమ్మ ఓవెన్ లోపలికి తొంగి చూసింది.

"పైగాడిలో పెట్టవే. రాడ్డుకు దగ్గరుంటే జల్దీ అయితది."

"మధ్య గాడిలో పెట్టాలమ్మా, పుస్తకంలో..."

"పుస్తకం పొయ్యి ముట్టిస్తదా ఏంది?"

ఊరుకోవడం నాకు చాలా తొందరగా వస్తుంది. గిన్నె పైగాడిలోకి వెళ్ళింది. పది నిమిషాలు కాకముందే పైభాగం ఎర్రబడింది, ఆ తర్వాత నల్లబడి నడిమిన పగిలి, పగులులోంచి పచ్చి పిండి బుడగలా పైకి తన్నుకొచ్చింది. పైన బొగ్గు, లోపల జావ. అమ్మ అంచులు గిల్లి తిని, "రుచి మాత్రం మంచిగుంది" అంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా దురద పెట్టినట్టయింది.

రెండోది దుకాణానికి. ఈసారి అడగలేదు, చెప్పలేదు. మధ్య గాడిలోనే పెట్టాను. మా ఓవెన్ చిన్నది కాబట్టి రాడ్లు గిన్నెకు దగ్గర, అందుకే నూట ఎనభై కాకుండా నూట డెబ్బైకి తిప్పాను. ముందు ఖాళీ ఓవెన్‌ను వేడెక్కనిచ్చి, రాడ్లు ఎర్రబడి మళ్ళీ ఆరిన తర్వాతే గిన్నె లోపలికి తోశాను. సమయం మర ముప్పై నిమిషాలకు తిప్పి, స్నానానికి వెళ్ళాను. గంట మోగేలోపు బయటికి వచ్చి, దుకాణానికి వెళ్ళే చీర కట్టుకోవాలని లెక్క.

తలమీద నీళ్ళు పోసుకుంటుంటే టింగ్ మని వినబడింది. అప్పుడే అయిపోయిందా అనుకున్నాను. స్నానంలో నేను ఆలోచనల్లో పడితే సమయం తెలియదని అందరూ తిడతారు కదా, ఇదీ అంతే అనుకున్నాను. బయటికి వచ్చేసరికి కేకు పలక మీద ఉంది. పైన బంగారు రంగు. నడిమిన చిన్న చిన్న రంధ్రాలు.

"పుల్ల గుచ్చి చూసిన. సాఫుగ వచ్చింది. తీసిన" అంది అమ్మ, ఎంతో సాయం చేసినట్టు.

చల్లారుతున్న కొద్దీ మధ్యలో అరచెయ్యి పెట్టినంత మేర కొద్దిగా దిగింది. కొద్దిగానే. పుల్ల సాఫుగా వచ్చిందన్నది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

దుకాణం పెద్దాయన కత్తి తుడుచుకుని సరిగ్గా నడిమికి కోశాడు. కత్తికి పసుపుపచ్చటి బంక. కోసిన ముఖం నాకు చూపించి, "బీచ్ మే కచ్చా హై, బేటీ" అన్నాడు. కోపంగా కాదు. అదే ఇంకా కష్టం. మధ్యలో పచ్చిగా ఉందని నాకు కనబడుతూనే ఉంది. సమోసాలు కొంటున్న ఒకావిడ కూడా ఒంగి చూసింది. పుల్ల గుచ్చి తీసింది మా అమ్మండీ, నేను కాదండీ అని నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగింది. శనివారం సాయంత్రంలోపు ఇంకొకటి తెస్తే చూస్తానని, అప్పుడూ ఇలాగే ఉంటే ఇక బస్సు కేకులే నయమని చెప్పాడు.

ఇంటికి వచ్చి ఓవెన్ ముందు నిలబడ్డాను. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు, అందులో అమ్మ చీల్చి పెట్టిన వెదురు పుల్ల. అప్పుడు అడిగాను.

"నీళ్ళెందుకమ్మా?"

"పుల్ల తడుపకపోతే ఇడ్లీకి అంటుకోదా? ఎన్నేండ్ల సంది చేస్తున్న. తడిపి గుచ్చాలె."

మా ఇంట్లో ఇడ్లీ ఉడికిందో లేదో చూడటం అలాగే. చెంచా కాడో పుల్లో నీళ్ళలో ముంచి గుచ్చుతారు, పిండి అంటుకోకుండా. కానీ కేకులో పుల్ల గుచ్చేదే పిండి అంటుకుంటుందా లేదా చూడటానికి. తడిపిన పుల్ల మెరుస్తూనే లోపలికి వెళ్ళి, మెరుస్తూనే బయటికి వస్తుంది. ఆ మెరుపులో పచ్చి పిండి ఎక్కడ, నీళ్ళెక్కడ?

"మరి గంట మోగింది కదా, ముప్పై నిమిషాలైందా?"

"నేనే తిప్పిన. లోపలున్నది అయినంక ఇంక కరెంటు ఎందుకు కాల్చాలె?"

మరను చేత్తో సున్నాకు తిప్పితే కూడా టింగ్ మంటుంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. అమ్మ ఎన్నిసార్లు తలుపు తెరిచి గుచ్చిందో అడిగాను. నాలుగైదు సార్లట. తెరిచిన ప్రతిసారీ వేడంతా బయటికి పోయి, మూసిన ప్రతిసారీ రాడ్లు మళ్ళీ ఎర్రబడి పైభాగాన్నే కాల్చాయి. నడిమి మాత్రం నిలదొక్కుకోలేదు.

ఇదంతా నా తలలో చాలా చక్కగా అమరింది. నోటికి వచ్చింది మాత్రం, "సర్లే" అన్న ఒక్క ముక్క. ఆ రాత్రి డైరీలో రెండు పేజీలు అమ్మతో పోట్లాడాను. పొద్దున లేచి టీ పెట్టి ఇచ్చాను.

శనివారం మధ్యాహ్నం గిన్నె లోపలికి తోసి, ఓవెన్ ముందు చిన్న పీట వేసుకుని కూర్చున్నాను. ఈ లోపు పక్క క్వార్టర్ అత్త వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. తలుపు కొట్టే అలవాటు మా క్వార్టర్ల లైనులో ఎవరికీ లేదు.

"ఏటే పిల్లా, టీవీ సూసినట్టు కూకున్నావు?"

"కేకు అత్తా."

"అవునా! ఏదీ, ఓపాలి సూడనీ" అంటూ ఒంగింది. వెనకాలే అమ్మ వచ్చింది, చేతిలో పుల్ల, ఆ పుల్లకు నీటి చుక్క.

"వదినా, అయిపోనాదేటి? వాసన గుమాయిస్తంది!"

"వాసనొచ్చిందంటే అయినట్టే. జర జరుగవే, చూస్త" అని అమ్మ తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

సమయం మర చూశాను. సగం కూడా కాలేదు. గాజు వెనక పిండి అప్పుడప్పుడే పైకి లేస్తోంది, అంచులు పొంగి నడిమి ఇంకా వణుకుతోంది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"తెరవొద్దు!"

అంత గట్టిగా అంటానని నాకు తెలియదు. అత్త వెనక్కి జరిగింది. అమ్మ నా ముఖంలోకి చూసింది, ఎవరి పిల్లో అన్నట్టు.

"ఓయమ్మో, నోరుంది దీనికి!" అంది అత్త.

"ఉంటది. కేకు మీదనే ఉంటది" అంది అమ్మ. పుల్లను నీళ్ళ గిన్నెలో పడేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. అత్త కాసేపు నన్నూ, ఓవెన్‌నూ చూసి, "ఎల్తాను లెండి, గాజు పగిలిపోతాదేమో" అని వెళ్ళింది.

వెనకే వెళ్ళి ఏదైనా చెప్పాలని ఉంది. వెళ్తే అమ్మ మాటల్లో పడి సమయం మరిచిపోతానని భయం. కూర్చున్నాను. కోపం అమ్మ మీదో, నా మీదో, ఆ చిన్న గాజు తలుపు మీదో చెప్పలేను. మంచి పని చేస్తున్నానన్న సంతోషం మాత్రం ఎక్కడా లేదు.

ఇరవై అయిదు నిమిషాలకు తలుపు తెరిచి, పొడి పుల్ల నడిమిన నిలువుగా గుచ్చి తీశాను. చివర తడి ముద్ద. వెంటనే మూసేశాను. ఇంకో అయిదు నిమిషాలు. ఈసారి పుల్లకు రెండు పొడి తునకలు మాత్రమే అంటుకున్నాయి. వేలితో పైన నొక్కితే దిగి మళ్ళీ లేచింది. అంచులు గిన్నెను వదిలాయి. ఎవరికైనా చూపించాలనిపించింది. వంటగదిలో ఎవరూ లేరు.

దుకాణం పెద్దాయన నడిమికి కోశాడు. కత్తి పొడిగా వచ్చింది. ఒక ముక్క తిని, ఇంకో ముక్క గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్యకిచ్చి, సోమవారం నుంచి తెమ్మన్నాడు. పైన రెండు రంధ్రాలెందుకని ఆవిడ అడిగింది. క్రీము కింద కనబడవులే అని ఆయనే అన్నాడు. నేను తల ఊపాను. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

"మంచిది" అంది. మిగిల్చి తెచ్చిన ముక్క ముట్టలేదు.

సోమవారం పొద్దున గిన్నె లోపలికి తోసి చూస్తే, అమ్మ పీట మీద కూర్చుని వెదురు పుల్లలు చీలుస్తోంది. చీల్చి, చీరకొంగుతో ఒక్కోటీ తుడిచి పలక మీద పెట్టింది. నీళ్ళ గిన్నె ఎక్కడా కనబడలేదు. నాకు కృతజ్ఞత కలగాల్సింది. కలిగేలోపే అడిగింది.

"ఇప్పుడు చూడాల్నా?"

"ఇంకా లేదమ్మా."

రెండు నిమిషాలు కాలేదు.

"ఇప్పుడు?"