కృత్తికలో నేను మింగేసిన పాదం

ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. ఆ తరువాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతుంటాయి. అవి యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క, బస్సులు వీపున బొగ్గు పొయ్యి మోస్తూ నడిచే రోజులు. నేను అప్పుడు కామారెడ్డి బడిలో మాస్టరుని. పగలు పిల్లలకు ఎక్కాలు చెప్పేవాణ్ణి, సాయంత్రాలు ఊరికి జ్యోతిషం చెప్పేవాణ్ణి. పిల్లలైతే బెత్తం చూసి కూర్చునేవారు. ఊరివాళ్ళకు ఆ బాధ లేదు కనుక, నేను వస్తుంటే అరుగుల మీది నుంచి మెల్లగా లేచి లోపలికి వెళ్ళేవారు. (అది గౌరవమనే అనుకునేవాణ్ణి.)

నా విద్యకు గురువు లేడు, ఒక పుస్తకం మాత్రం ఉండేది. స్టేషను దగ్గర పాత పుస్తకాలు పరుచుకుని కూర్చునే ముసలాయన దగ్గర కొన్నది. ముందు అట్ట లేదు, వెనక పుటలు చెదలు తినేశాయి. మధ్యలో మిగిలినదంతా కంఠతా పట్టాను. అందులో నన్ను పూర్తిగా లోబరుచుకున్నది ఆలుమగల మనసులు కలుస్తాయో లేదో చూసే భాగం. చంద్రుడు మనసుకు కారకుడు, శుక్రుడు ప్రేమకు కారకుడు. ముందు ఇద్దరి చంద్రులు ఏయే రాశుల్లో ఉన్నారో చూసి, ఒకరి నుంచి ఇంకొకరికి ఎన్నో రాశో లెక్కపెట్టాలి. ఎదురెదురుగా ఏడోదైనా, మూడు-పదకొండైనా, అధిపతులు మిత్రులైన రాశుల్లో ఐదు-తొమ్మిదైనా ఒకరి అలక ఇంకొకరికి చెప్పకుండానే అర్థమవుతుంది. రెండు-పన్నెండైతే చికాకు. ఆరు-ఎనిమిదైతే షష్ఠాష్టకం. ఒకరు కంటతడి పెడితే రెండోవారు కంట్లో నలుసు పడిందా అని అడిగే రకం సంసారం. ఆ తరువాత ఒకరి చంద్రుడి మీద ఇంకొకరి శుక్రుడి చూపు ఉందేమో చూడాలి. ఉంటే ఇతని ప్రేమ ఆమె మనసుకు నేరుగా చేరుతుంది. లేకపోతే ప్రేమ ఉన్నా దారి తప్పి తిరుగుతుంది.

ఈ విద్యను మొదట ఇంట్లోనే ప్రయోగించాను. మా అవ్వకూ (అమ్మను అలాగే పిలిచేవాణ్ణి) మేనత్తకూ చంద్రులు రెండు-పన్నెండని, అందుకే వాళ్ళకు ఉప్పు దగ్గరా పప్పు దగ్గరా తగువని ఇద్దరి ముందే ప్రకటించాను. ముప్ఫై ఏళ్ళుగా ఏ మాట మీదా ఏకం కాని వాళ్ళిద్దరూ ఆ రోజు నన్ను తిట్టడంలో ఏకమయ్యారు.

అలా ఉండగా ఎల్లారెడ్డి నుంచి సంబంధం వచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్ల, తాత పెంచాడు. తాత పేరున్న జ్యోతిష్కుడు. మనవరాలికి మనసు కలిసేవాడే కావాలని రెండు సంబంధాలు తిప్పి పంపాడట. పిల్లకు పంతొమ్మిది దాటాయి, ఊళ్ళో అప్పటికే చెవులు కొరుక్కోవడం మొదలైంది. నా జాతకం చిన్నప్పుడే చెదల పాలైంది కాబట్టి (మా ఇంటి చెదలకు శాస్త్రం మీద మహా మక్కువ) అవ్వ నోటిమాటగా కృత్తికా నక్షత్రమని చెప్పి పంపింది. తాత మనవరాలి జాతకం పంపి, పిల్లవాణ్ణి ఒకసారి తీసుకురమ్మన్నాడు.

జాతకం విప్పి చూడగానే నా మొహం వాడింది. పిల్లది హస్తా నక్షత్రం, కన్యారాశి. నాది కృత్తిక కాబట్టి మేషం. కన్య నుంచి మేషం ఎనిమిది, మేషం నుంచి కన్య ఆరు. సాక్షాత్తూ షష్ఠాష్టకం! రెండు రాశుల అధిపతి ఒకడే అయితే, మేష వృశ్చికాలకు లాగా, దోషం పోతుందని తెలుసు. అదీ చూశాను. మేషానికి కుజుడు, కన్యకు బుధుడు. కుజుడికి బుధుడంటే గిట్టదు. తప్పించుకునే సందే లేదు.

"అవ్వా, ఈ సంబంధం వద్దు. మనసులు కలువయి" అన్నాను.

"పిల్లను సూడకముందే మనసు గురించి నీకేం ఎరుక? పోదాం నడువు. నచ్చకుంటే ఆడనే చెప్పొచ్చు" అంది అవ్వ. "ఆడనే చెప్పొచ్చు" అన్న ముక్కను నేను మరీ గట్టిగా పట్టుకున్నాను.

శ్రావణంలో ఒక పొద్దున నేనూ అవ్వా మేనమామా బయలుదేరాం. దారిలో ఎక్కడ చిన్న మిట్ట వచ్చినా బస్సు ఆగేది, మగవాళ్ళం దిగి తోసేవాళ్ళం. నాకు వెనకభాగం దక్కింది, అంటే సరిగ్గా బొగ్గు పొయ్యి పక్కన. ఎల్లారెడ్డిలో దిగి, పై పంచెతో మొహం తుడుచుకుని, మహా గంభీరంగా ఆ ఇంట్లోకి అడుగుపెట్టాను.

చాప మీద కూర్చున్నాం. మేనమామ వానల గురించీ, తాత మక్కల (మొక్కజొన్నల) గురించీ మాట్లాడుకుంటున్నారు. తాతకు చూపు ఆనదు. అవ్వ కళ్ళన్నీ లోపలి గుమ్మం మీదే. ఇంతలో ఆ పిల్ల మక్కగారెల పళ్ళెం తెచ్చి పెట్టింది. నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చి, అందరూ మాటల్లో ఉండగా, నా పక్కన ఒక చెంబు నీళ్ళూ తువ్వాలూ చిన్న అద్దమూ పెట్టి వెళ్ళిపోయింది. అద్దంలో చూస్తే, బొగ్గుమసి తుడవబోయి ముక్కు కింద నుంచి రెండు చెవుల దాకా మీసం దిద్దుకుని ఉన్నాను! గబగబా కడుక్కున్నాను. తలెత్తితే గుమ్మం దగ్గర ఆమె పెదవులు బిగబట్టి నిలబడి ఉంది. నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నామో తక్కిన ముగ్గురికీ తెలియదు. షష్ఠాష్టకం వాళ్ళు ఇలా నవ్వకూడదే అని మనసులో ఒక మూల అనుకున్నాను. కానీ పాండిత్యం ఆ మూలను అణిచేసింది.

గొంతు సవరించుకున్నాను. "పెద్దలు తప్పుగ అనుకోవద్దు. నాది మేషరాశి, మీ మనవరాలిది కన్య. చంద్రుడికి చంద్రుడు ఆరు-ఎనిమిది. మనసులు కుదురయి. నేను చేసుకోలేను."

అవ్వ చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. తాత మొహంలో రంగు మారింది. మూడో సంబంధం కూడా పోయిందని, ఈసారి అవతలివాడే కాదన్నాడని రేపు ఊళ్ళో ఏమనుకుంటారో ఆయనకు తెలుసు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి నెమ్మదిగా గొంతు వినిపించింది.

"మీది మేషమని ఎవలు చెప్పిండ్రు?"

"చెప్పుడేంది? అశ్వని, భరణి, కృత్తిక... మేషం" అన్నాను, తరగతిలో ఎక్కం అప్పజెప్పినట్టు.

"కృత్తిక కాదు. కృత్తికా పాదం. అశ్వని, భరణి, కృత్తికా పాదం మేషం. కడమ మూడు పాదాలు వృషభం. మీరు ఒక్క మాట మింగిండ్రు."

నేను నిజంగానే గుటక మింగాను. తాత చూపు మందగించినప్పటి నుంచి పంచాంగాలు చదివి లెక్కలు కట్టేది ఈ పిల్లేనని అప్పుడు తెలిసింది. ఆమె లోపలికి వెళ్ళి సందూక పెట్టెలో నుంచి నేను పుట్టిన ఏటి పంచాంగం తెచ్చింది. ఆ ఇంట్లో ఏ ఏటి పంచాంగమూ పారేయలేదట, చెదలకూ అప్పగించలేదు.

"ఏ దినం పుట్టిండు బిడ్డా?" అని తాత అవ్వను అడిగాడు.

"ఉగాది నుంచి మూడో దినం. దీపాలు పెట్టే యాళ్ల. ఒత్తి ఎలిగించుడు, గీన ఏడ్చుడు ఒక్కటే అయింది."

ఆమె తాత పక్కన కూర్చుని పైకే చదువుతూ లెక్క వేసింది. ఆ రోజు భరణి పొద్దు పొడిచిన ఆరు ఘడియలకు వెళ్ళిపోయింది. అక్కడి నుంచి కృత్తిక. నక్షత్రం నిడివి సుమారు అరవై ఘడియలు, పాదానికి పదిహేను. కాబట్టి మొదటి పాదం ఇరవై ఒకటో ఘడియతో అయిపోయింది. దీపాలు పెట్టే వేళంటే ముప్ఫై, ముప్ఫై ఒక్క ఘడియలు. అప్పటికి రెండో పాదం నడుస్తోంది. ఘడియకు ఇరవై నాలుగు నిమిషాల లెక్కన నా చంద్రుడు నేను పుట్టేసరికి మూడున్నర గంటల ముందే మేషం ఖాళీ చేసి వృషభానికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆయన్ని పాత ఇంట్లోనే వెతుకుతున్నాను.

"అయితే ఇగ సూడుండ్రి" అన్నాడు తాత, కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెడుతూ. "కన్యకు వృషభం తొమ్మిది, వృషభానికి కన్య ఐదు. అధిపతులు శుక్రుడు, బుధుడు, ఇద్దరు దోస్తులు. పిల్ల శుక్రుడు ఏడున్నడు? వృషభంల, తన సొంతింట్ల. పిల్లగాని చంద్రుడు గూడ గా ఇంట్లనే, ఉచ్చ స్థానంల ఉన్నడు. గీమె ప్రేమ గాయన మనసుల కూసున్నట్టు. పిల్లగాని శుక్రుడు చైత్రంల ఏడున్నడమ్మా?"

"మీనంల, తాతా."

"ఉచ్చ స్థానమే! మీనానికి ఎదురుంగ కన్య. గాయన శుక్రుడు గీమె చంద్రుణ్ణే సూస్తున్నడు. చంద్రునికి చంద్రుడు కుదిరె, ఇద్దరి శుక్రులు ఇద్దరి చంద్రులకు అందిరి. గిసోంటి పొత్తు అరుదు." ఆగి నవ్వాడు. "కొట్లాటలుండయని కాదు. కృత్తిక రాక్షసగణం, హస్త దేవగణం. కొట్లాడుతరు. కానీ కొట్లాడినంక ఒకరి ముంగట ఒకరు కూసోనికి భయపడరు. గీ లెక్క చెప్పేది గంతే. కడమ పొందికలు ఏరే సూడాలె."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కానీ "ఒక్క మాట మింగిండ్రు" అన్న ఆ గొంతు గుర్తుకొచ్చి నవ్వొచ్చేసింది. "తప్పు నాది. మాట వాపసు తీసుకుంటున్న. నాకు ఇష్టమే" అన్నాను.

"మీకు ఇష్టమైతే అయిపాయెనా?" అంది ఆమె, పంచాంగం మూస్తూ. "ఇప్పుడు నేను ఆలోచన చేసుకోవాలె."

ఆమె ఆలోచన పద్దెనిమిది రోజులు సాగింది. ఆ పద్దెనిమిది రోజులూ నేను బడిలో పన్నెండో ఎక్కం తప్పు చెబితే పిల్లలు దిద్దారు. చివరికి ఎల్లారెడ్డి నుంచి మనిషి వచ్చి ఒప్పుకున్నారని చెప్పాడు. పెళ్ళయ్యాక అడిగాను, గ్రహాలు చూసి ఒప్పుకున్నావా అని. "గ్రహాలు తాత సూసిండు. నలుగురి ముంగట తప్పు పట్టినా మీరు కోపానికి రాలే, నవ్విండ్రు. నేను గది సూసిన" అంది.

తాత చెప్పినట్టే కొట్లాడుకున్నాం, అదీ ధారాళంగా. కానీ కొన్నేళ్ళకు అవ్వ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళంతా ఏడవమన్నారు, ధైర్యంగా ఉండమన్నారు. ఆమె మాత్రం ఒక చేట అనపకాయలు తెచ్చి నా ముందు పెట్టి, తానూ ఎదురుగా కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. అవ్వా నేనూ అలాగే కూర్చుని ఒలిచేవాళ్ళం. నాలుగు కాయలు ఒలిచానో లేదో, దుఃఖం వచ్చేసింది. ఆమె తలెత్తలేదు, చెయ్యి ఆపలేదు.

ఇప్పుడూ ఎవరైనా పిల్లల జాతకాలు పట్టుకొస్తే చంద్రుణ్ణీ శుక్రుణ్ణీ చూస్తాను, పుట్టిన వేళ రెండుసార్లు అడుగుతాను. కానీ అంతకన్నా ముందు ఆ ఇద్దర్నీ కాసేపు వసారాలో కూర్చోబెట్టి, ఏదో పని ఉన్నట్టు లోపలికి పోతాను. నవ్వు వినిపిస్తుందేమోనని తలుపు వెనక చెవి ఒగ్గి నిలబడతాను. అన్నీ తెలిసిన ఆ ఇరవై ఒక్క ఏళ్ళ మాస్టరు చూస్తే, ఇదేం శాస్త్రం అని మండిపడేవాడు. పాపం, వాడికి ఇంకా వినడం రాదు.